కట్టెలు ఎవరివి?

మా అత్తయ్య ఏకాదశి నాడు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. దశమి రాత్రి ఏడింటికి విస్తరి ముందు నుంచి లేస్తే, మళ్ళీ ద్వాదశి ఉదయం పారణకే కూర్చోవడం. లెక్క వేస్తే 36 గంటలు. నేను వైద్య విద్యార్థులకు జీవరసాయనశాస్త్రం చెప్పి రిటైరయిన దాన్ని. ఇంట్లో ఎవరు పస్తున్నా నా మనసు వాళ్ళ ఒంట్లోకి తొంగి చూస్తుంది. మొన్న ఏకాదశి రాత్రి పడుకోబోతూ ఆవిడ తన చెయ్యి నా చేతిలో పెట్టి అడిగారు.

"చూడమ్మాయ్, నిన్న రాత్రి నుంచి మెతుకు ముట్టలేదు. అయినా ఒళ్ళు వెచ్చగానే ఉంది. పారాయణం చేస్తుంటే ఒక్క మాట మర్చిపోలేదు. లోపల పొయ్యి ఎవరు వెలిగిస్తున్నారంటావు?"

"కాలేయం అత్తయ్యా" అన్నాను.

ఆవిడకు ఆ జవాబు సరిపోలేదు. "వెలిగించేది కాలేయమే అనుకో. కట్టెలు ఎవరివి?"

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. ఈ ప్రశ్నను ఇంత సూటిగా అడిగిన విద్యార్థి నాకు గుర్తు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టక దాని వెంటే నడిచాను. నడిచిన కొద్దీ అది శరీరాన్ని దాటి చాలా దూరం తీసుకుపోయింది.

ముందు ఇంట్లో సరుకు ఎంతుందో చూద్దాం. మన ఒంట్లోని రక్తమంతటిలో కరిగి ఉన్న గ్లూకోజు సుమారు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు పంచదార. అమెరికాలో ఉపవాస స్థితిని ఏళ్ళ తరబడి పరిశోధించిన జార్జ్ కాహిల్ 1970లో వేసిన లెక్క ప్రకారం, ఒక రోజు పస్తున్న సాధారణ మనిషిలో మెదడొక్కటే రోజుకు 144 గ్రాముల గ్లూకోజు వాడుకుంటుంది. గంటకు 6 గ్రాములు. అంటే రక్తంలో ఉన్నది మెదడుకు గంటసేపు కూడా చాలదు. అయినా అత్తయ్య రక్తంలో ఆ చెంచాడు తరగలేదు. ఒక వైపు నుంచి తోడుతుంటే మరో వైపు నుంచి ఎవరో నింపుతున్నారు.

నింపుతున్నది కాలేయం. అది రెండు రకాలుగా నింపుతుంది. భోజనం చేసినప్పుడు గ్లైకోజన్ అనే పిండి పదార్థంగా దాచుకున్న నిల్వను విడగొట్టడం ఒకటి. ఆ గాదెలో పట్టేది సుమారు 100 గ్రాములు. పిండిపదార్థం కాని వాటి నుంచి కొత్తగా గ్లూకోజు తయారుచేయడం రెండోది. దీన్నే గ్లూకోనియోజెనెసిస్ అంటారు. ముందు గాదె ఖాళీ అవుతుందనీ ఆ తరవాతే కొత్త వంట మొదలవుతుందనీ చాలాకాలం అనుకున్నారు. 1991లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు పస్తున్న మనుషుల కాలేయంలో గ్లైకోజన్ ఎలా తగ్గుతోందో, ఒంటికి కత్తి తగిలించకుండా, అయస్కాంత పద్ధతిలో గంటల తరబడి కొలిచారు. మొదటి 22 గంటల్లోనే కాలేయం వదిలిన గ్లూకోజులో 64 శాతం కొత్తగా వండినదే అని తేలింది. ఆ తరవాతి 14 గంటల్లో అది 82 శాతానికి చేరింది. 22కు 14 కలిపితే 36. సరిగ్గా మా అత్తయ్య ఏకాదశి.

కాబట్టి గాదెలో సరుకు ఉండగానే పొయ్యి రాజుకుంటుంది. ఇల్లాలు బియ్యం నిండుకునే దాకా ఆగి అప్పుడు ధాన్యం దంపించదు కదా.

ఇప్పుడు కట్టెల సంగతి. ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆపేసే విషయం ఒకటుంది. మన కండరాల్లో కాలేయం కంటే ఎక్కువ గ్లైకోజన్ ఉంటుంది, సుమారు 400 గ్రాములు. మెదడు అల్లాడుతున్నా అందులోంచి ఒక్క గ్లూకోజు అణువు కూడా నేరుగా రక్తంలోకి రాదు. కారణం ఒక తాడు. గ్లూకోజు కణంలోకి అడుగు పెట్టగానే దానికి ఒక ఫాస్ఫేటు తగిలిస్తారు. అప్పుడు దాని పేరు గ్లూకోజ్-6-ఫాస్ఫేటు. మెడలో ఆ పలుపు ఉన్నంతసేపు అది కణం గోడ దాటలేదు. నిల్వ నుంచి విడివడిన గ్లూకోజూ ఇదే రూపంలో ఉంటుంది. ఆ తాడు విప్పే ఎంజైము గ్లూకోజ్-6-ఫాస్ఫటేజు. అది కాలేయంలోనూ మూత్రపిండాల్లోనూ ఉంది. కండరంలో లేదు. పుట్టుకతోనే కాలేయంలో ఈ ఎంజైము లేని పసిపిల్లలుంటారు. పాలు తాగిన మూడు నాలుగు గంటలకే వాళ్ళ రక్తంలో చక్కెర పడిపోతుంది. కాలేయం మాత్రం విప్పలేని నిల్వతో ఉబ్బి పొట్టను ఎత్తుగా చేస్తుంది. నిండు గాదె పక్కన ఆకలి. 1952లో గెర్టీ కోరీ, కార్ల్ కోరీ దంపతులు ఆ పిల్లల కాలేయ కణజాలాన్ని పరీక్షించి, లోటు ఈ ఒక్క ఎంజైములోనే ఉందని చూపించారు. ఒక వంశపారంపర్య జబ్బుకు కారణం ఫలానా ఎంజైము అని వేలు పెట్టి చూపిన తొలి సందర్భాల్లో అదొకటి.

ఆ ఎంజైము ఉందా లేదా అని తెలుసుకోవడానికి చాలాకాలం వాడిన దారి, అది విప్పి వదిలిన ఫాస్ఫేటును కొలవడం. ఫాస్ఫేటును రంగుగా మార్చి కొలిచే పద్ధతిని 1925లో ప్రపంచానికి ఇచ్చినవారు సైరస్ ఫిస్క్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గాజు గొట్టంలో ఆ నీలిరంగు చిక్కబడుతుంటే, ఎక్కడో ఒక తాడు ముడి వీడిందని అర్థం. నేను నా విద్యార్థుల చేత ఆ పరీక్ష చేయించిన ప్రతిసారీ ఆ పేరు చెప్పేదాన్ని.

ఇక్కడ ఒక మాట నోటిదాకా వస్తుంది. కాలేయం దాత, కండరం పిసినారి అని. నేనూ తొలి రోజుల్లో పాఠం అలాగే చెప్పాను. అది తప్పు మాట. ఉపవాసం సాగేకొద్దీ కండరం తన నిల్వను కాకపోయినా తన దేహాన్నే ఇస్తుంది. తన మాంసకృత్తులను విడగొట్టుకుని, ముఖ్యంగా అలనిన్ అనే అమైనో ఆమ్లంగా మార్చి రక్తంలో వదులుతుంది. కాలేయం దాన్ని అందుకుని గ్లూకోజు చేస్తుంది. కాహిల్ లెక్కలో ఆ రోజు కరిగిన కండర మాంసకృత్తులు 75 గ్రాములు. అంటే అత్తయ్య పారాయణంలో తప్పు లేకుండా పలికిన మాటల వెనక ఆవిడ తొడ కండరం కొంత ఉంది. పిసినారి అని మనం తిట్టినవాడు సొమ్ము ఇవ్వలేక చర్మం వొలిచి ఇచ్చాడు. గుణాలు మనవి. వాటిని అవయవాలకు తొడిగితే అవి ఎక్కడో ఒకచోట చిరుగుతాయి.

మరి ఒంట్లో అంత కొవ్వు ఉండగా కండరం ఎందుకు కరగాలి? ఈ ప్రశ్న అడగని విద్యార్థి లేడు. కొవ్వు ఆమ్లాలు విరిగినప్పుడు రెండేసి కార్బన్ల ముక్కలుగా విరుగుతాయి. ఆ ముక్కలు కణంలోని చక్రంలోకి వెళ్ళి ఒక చుట్టు తిరిగేలోపు రెండు కార్బన్లు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరిలో వెళ్ళిపోతాయి. రెండు వచ్చాయి, రెండు పోయాయి, చేతిలో మిగిలింది సున్నా. అందుకే మన ఒంట్లో కొవ్వు ఆమ్లం గ్లూకోజు కాలేదు. కొవ్వులో అంటిపెట్టుకున్న గ్లిసరాల్ అనే చిన్న భాగం మాత్రం అవుతుంది. అలాగని కొవ్వు చేతులు కట్టుకుని కూర్చోదు. గ్లూకోజు కట్టడానికి ఇటుకలు కండరం నుంచీ ఇతర చోట్ల నుంచీ వస్తే, కూలి మొత్తం కొవ్వు చెల్లిస్తుంది.

కూలి ఎంతో చూడండి. ఒక గ్లూకోజు అణువు ఆక్సిజన్ లేకుండా విరిగి లాక్టేటు అయినప్పుడు చేతికి వచ్చేది రెండు ఏటీపీలు. అదే లాక్టేటును మళ్ళీ గ్లూకోజుగా కట్టాలంటే కాలేయానికి అయ్యే ఖర్చు ఆరు. రెండు రూపాయల వస్తువును ఆరు రూపాయలు పెట్టి తిరిగి చేయడం. ఏ వ్యాపారీ ఒప్పుకోడు. కాలేయం రాత్రంతా ఇదే పని చేస్తుంది. పైగా తాను వండిన గ్లూకోజును తాను తినదు. తన అవసరాలకు కొవ్వును కాల్చుకుంటుంది. ఆ మంట నుంచి వచ్చిన శక్తితోనే ఆ ఆరూ చెల్లిస్తుంది.

ఎవరి కోసం ఈ నష్టం బేరం? మెదడు కోసం అని చెప్పాను. రోజులు గడిస్తే మెదడు కొవ్వు నుంచి వచ్చే కీటోనులకు చాలావరకు అలవాటు పడుతుంది. ఎప్పటికీ అలవాటు పడని వాడు ఇంకొకడున్నాడు. ఎర్ర రక్తకణం. దానికి కేంద్రకం లేదు. ఆక్సిజన్‌తో ఇంధనాన్ని కాల్చే మైటోకాండ్రియా లేవు. ఊరంతటికీ ఆక్సిజన్ మోసే ఈ కూలీ తన కోసం అందులో ఒక్క అణువు కూడా వాడుకోలేడు. గ్లూకోజు తప్ప ఏమీ తినలేడు. తిన్నదాన్ని లాక్టేటుగా వదిలేస్తాడు. కాలేయం దాన్ని తీసుకుని మళ్ళీ గ్లూకోజు చేసి పంపుతుంది. ఈ రాకపోకలను 1929లో వివరించింది కూడా ఆ కోరీ దంపతులే.

ఈ తిరుగుడులో ఒక రహస్యపు కంత ఉంది. కణంలోకి వచ్చిన గ్లూకోజులో కొద్ది భాగం లాక్టేటు కాదు. గ్లూకోజ్-6-ఫాస్ఫేటు దగ్గరే దారి చీలి, పెంటోస్ ఫాస్ఫేట్ మార్గంలోకి వెళుతుంది. అక్కడ దాని మొదటి కార్బన్ బొగ్గుపులుసు వాయువుగా ఊడిపోతుంది. ఒక్క ఏటీపీ కూడా పుట్టదు. వచ్చేది రెండు ఎన్‌ఏడీపీహెచ్‌లు. మిగిలిన అయిదు కార్బన్ల చక్కెర నుంచి విభజన చెందే కణాలు డీఎన్‌ఏకు కావలసిన దినుసు తీసుకుంటాయి. కేంద్రకమే లేని ఎర్రకణానికి దాని పని లేదు కాబట్టి, అది మళ్ళీ మొదటి దారిలోకే చేరుతుంది.

ఎన్‌ఏడీపీహెచ్ అంటే ఏమిటో మా అమ్మమ్మ ఇంటి లెక్కలో చెబుతాను. తాతయ్య తెచ్చిన డబ్బులో ఎక్కువ భాగం దండెం మీద చొక్కా జేబులో ఉండేది. పాలకూ కూరలకూ అందులోంచే. అమ్మమ్మ మాత్రం ప్రతిసారీ కొంత తీసి పోపుల పెట్టెలో మెంతుల కింద దాచేది. ఇల్లు కురిస్తే కప్పు నేయించడానికి, పిల్లలకు జ్వరం వస్తే వైద్యుడికి. రెండూ రూపాయలే. కానీ ఏ పెట్టెలో ఉన్నదన్న దాన్ని బట్టి వాటి పని తేలుతుంది. కణంలోనూ అంతే. ఎన్‌ఏడీహెచ్, ఎన్‌ఏడీపీహెచ్ రెండూ ఎలక్ట్రాన్లు మోసేవే. రెండోదానికి ఒక ఫాస్ఫేటు గుర్తు అదనం, అంతే తేడా. మొదటిది కాల్చి శక్తి తెచ్చుకునే లావాదేవీలకు. రెండోది కట్టడానికి, బాగుచేయడానికి. ఆ గుర్తు ఉండబట్టే ఒకదాని సొమ్ము ఇంకోదాని ఖర్చుల్లో కలిసిపోదు.

ఎర్రకణానికి బాగుచేసుకోవలసినది ఏముంది? అది కొంగున నిప్పు మూటగట్టుకుని తిరుగుతోంది. హిమోగ్లోబిన్ మోసే ఆక్సిజన్ ఎప్పుడూ బుద్ధిగా ఉండదు. అప్పుడప్పుడు హిమోగ్లోబిన్ నుంచి ఎలక్ట్రాను లాక్కుని పోయి పెరాక్సైడు వంటి విషాలకు మూలమవుతుంది. వాటిని చల్లార్చే పని గ్లూటాథయోన్ అనే చిన్న అణువుది. చల్లార్చిన ప్రతిసారీ అది ఖర్చైపోతుంది. దాన్ని తిరిగి పనిలోకి తెచ్చేది ఎన్‌ఏడీపీహెచ్. ఇతర కణాలకు ఎన్‌ఏడీపీహెచ్ తెచ్చుకునే దారులు ఇంకా ఉన్నాయి. ఎర్రకణానికి ఉన్నది ఈ పోపుల పెట్టె ఒక్కటే.

ఇదే ఎన్‌ఏడీపీహెచ్‌ను తెల్లకణం వేరే పనికి వాడుతుంది. సూక్ష్మజీవిని మింగి, దాని మీద పోయడానికి పెరాక్సైడును తానే తయారుచేస్తుంది. ఒకే నాణెం ఒక చేతిలో డాలు, ఇంకో చేతిలో కత్తి. అది మంచిదా, చెడ్డదా అని అణువును అడగలేం. ఎవరి చేతిలో ఉంది, దేనికి ఖర్చవుతోంది అనే అడగగలం.

అత్తయ్య ప్రశ్న ఒంటిని దాటి బయటికి వచ్చింది ఇక్కడే. ఎర్రకణానికి ఎన్‌ఏడీపీహెచ్ ఇంత అవసరమని మనకు తెలిసింది ఎవరి ఒంటి మీద?

అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో జోలియట్ ఊరి దగ్గర స్టేట్‌విల్ అనే జైలు ఉండేది. 1944 నుంచి అక్కడి ఖైదీలకు మలేరియా ఎక్కించి మందులు పరీక్షించారు. అలా పరీక్షించిన వాటిలో ప్రైమాక్విన్ ఒకటి. రోజుకు 30 మిల్లీగ్రాములు ఇస్తే చాలామందికి ఏమీ కాలేదు. కొందరికి, ముఖ్యంగా నల్లజాతి ఖైదీల్లో కొందరికి, రెండు మూడు రోజుల్లోనే మూత్రం నల్లబడింది, కళ్ళు పచ్చబడ్డాయి, రక్తం పడిపోయింది. ఎర్రకణాలు పగిలిపోతున్నాయి. తప్పు మందుదా, మనిషిదా, కణానిదా? దాన్ని తేల్చడానికి ఒక బాధితుడి ఎర్రకణాలకు రేడియోధార్మిక క్రోమియం గుర్తు పెట్టి ఆరోగ్యవంతుడిలోకి ఎక్కించి మందు ఇచ్చారు. గుర్తు పెట్టిన కణాలే పగిలాయి. ఆరోగ్యవంతుడి కణాలను బాధితుడిలోకి ఎక్కిస్తే అవి నిలిచాయి. లోటు కణంలోనే ఉంది. ఇంకో వింత ఏమిటంటే, మందు ఆపకుండా ఇస్తూనే ఉన్నా కొన్నాళ్ళకు రక్తం మళ్ళీ పెరిగింది. పగిలినవి ముసలి కణాలు. కొత్తగా పుట్టినవి తట్టుకున్నాయి. చివరికి 1956లో కార్సన్ బృందం లోటును పట్టుకుంది. పెంటోస్ మార్గపు తలుపు దగ్గర నిలబడే మొదటి ఎంజైము, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజు, క్లుప్తంగా జీ6పీడీ, వాళ్ళలో తక్కువ. ఎర్రకణం 120 రోజుల జీవితంలో కొత్త ఎంజైము చేసుకోలేదు. పుట్టుకతో తెచ్చుకున్నదే దాని ఆస్తి. లోటున్న వాళ్ళలో ఆ ఆస్తి త్వరగా కరిగిపోతుంది. అందుకే ముందు ముసలి కణాలు కూలాయి.

ఎంత అందమైన తర్కం! ఆ అందాన్ని నేను ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద గీశాను. గీస్తూ ఆ మనుషులు ఖైదీలని ఒక్క ముక్కలో చెప్పి దాటేసేదాన్ని. ఇప్పుడు దాటలేను. వాళ్ళు సంతకం పెట్టిన మాట నిజం. శిక్ష తగ్గుతుందన్న ఆశ ఉన్న చోట, తాళం వేసిన గదిలో పెట్టిన సంతకం ఎంతవరకు సమ్మతి? న్యూరెంబర్గ్‌లో నాజీ వైద్యులను విచారించినప్పుడు వాళ్ళ తరఫు వకీళ్ళు ఈ అమెరికా జైలు ప్రయోగాలనే ఎత్తి చూపారు. ఆ పోలికను నేను ఒప్పుకోను. కానీ పోల్చడానికి వాళ్ళకు ఒక సందు దొరికిందన్నది నన్ను వదలదు.

ఆ జ్ఞానం ఈనాడు ప్రాణాలు కాపాడుతోంది. వైవాక్స్ మలేరియా కాలేయంలో దాక్కుని మళ్ళీ మళ్ళీ వస్తుంది. దాన్ని అక్కడి నుంచి తరమడానికి మన దేశంలో 14 రోజులు ఇచ్చేది ఆ ప్రైమాక్విన్‌నే. ఇవ్వబోయే ముందు ఒక చుక్క రక్తంతో జీ6పీడీ పరీక్ష చేయవచ్చు. ఎన్‌ఏడీపీహెచ్‌కు ఒక లక్షణం ఉంది. అతినీలలోహిత కాంతిలో అది మెరుస్తుంది. రక్తపు చుక్కను కావలసిన రసాయనాలతో కలిపి, కాసేపు ఉంచి, అద్దుడు కాగితం మీద పెట్టి ఆ దీపం కింద చూస్తే, ఎంజైము ఉన్నవాడి చుక్క నీలంగా వెలుగుతుంది. లేనివాడి చుక్క చీకటిగా ఉండిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కణాలు పగిలిన వెంటనే పరీక్షిస్తే, బతికి ఉన్నవి కొత్త కణాలు కాబట్టి చుక్క వెలుగుతుంది, లోటు లేదనిపిస్తుంది. మోసపోకుండా ఉండాలంటే కొన్ని వారాలు ఆగి మళ్ళీ చూడాలి. ఆ నీలి వెలుగు చూసినప్పుడల్లా దాని వెనక ఒక జైలు గది చీకటి కూడా నాకు కనిపిస్తుంది. వెలుగును వద్దనను. అది ఎవరి కట్టెలతో వెలిగిందో మరిచిపోవడం మాత్రం నాకు ఇష్టం లేదు.

ఇంకొక చోటికి కూడా వెళ్ళాలి. బీహార్‌లో ముజఫర్‌పూర్, లిచీ తోటల జిల్లా. ఏళ్ళ తరబడి మే, జూన్ నెలల్లో అక్కడి పేద పిల్లలు రాత్రి బాగానే పడుకుని, తెల్లవారుజామున మూర్ఛలతో లేచేవారు. కాసేపట్లో స్పృహ పోయేది. 2014 వేసవిలో అక్కడి రెండు ఆసుపత్రుల్లో చేరిన 390 మంది పిల్లల్లో 122 మంది చనిపోయారు. మెదడువాపు అనుకుని క్రిమి కోసం వెతికారు, దొరకలేదు. భారత, అమెరికా ప్రజారోగ్య సంస్థల పరిశోధకులు కలిసి వెతికితే దొరికిన ఆనవాలు ఒకటి. చాలామంది పిల్లల రక్తంలో చక్కెర దారుణంగా పడిపోయి ఉంది.

ఆ పిల్లలు పగలంతా తోటల్లో రాలిన లిచీలు, పచ్చివి కూడా, తిని తిరిగారు. రాత్రి అన్నం తినకుండా పడుకున్నారు. లిచీలో, ముఖ్యంగా పచ్చి కాయలో, కొవ్వు ఆమ్లాలను కాలనివ్వని విషాలు ఉంటాయి. ఇప్పుడు కాలేయంలో ఏం జరుగుతుందో ఊహించండి. పసివాడి కాలేయం చిన్నది, మెదడు ఒంటికి మించి పెద్దది. సరిగా తిండి లేని ఒంట్లో గ్లైకోజన్ గాదె అర్ధరాత్రికే ఖాళీ. కొత్త గ్లూకోజు వండక తప్పదు. అందుకు కూలి చెల్లించేది కొవ్వు మంట. అంతే కాదు, వంటలో మొదటి మెట్టయిన పైరువేట్ కార్బాక్సిలేజు అనే ఎంజైమును లేపేది కూడా కొవ్వు విరిగితే వచ్చే ఆ రెండు కార్బన్ల ముక్కే. కొవ్వు కాలడం లేదు కాబట్టి కూలీ లేదు, పిలుపూ లేదు. కీటోనులు కూడా తయారు కావు. కట్టెలున్నాయి, అగ్గిపుల్ల తడిసిపోయింది. తెల్లవారేలోపు ఆ చెంచాడు పంచదార అడుగంటింది.

వేసవి వేడి పాత్ర ఎంత అన్న వాదన ఇంకా ఉంది. కానీ ఒక విషయం గమనించండి. అవే లిచీలు తిని, రాత్రి అన్నం తిన్న పిల్లల్లో ప్రమాదం తక్కువగా కనిపించింది. పరిశోధకులు ఇచ్చిన ముఖ్యమైన సలహాల్లో మందు పేరు లేదు. ఆ నెలల్లో పిల్లలకు రాత్రి అన్నం పెట్టండి, లిచీలు తగ్గించండి, మూర్ఛ వస్తే వెంటనే చక్కెర చూసి గ్లూకోజు ఎక్కించండి.

అత్తయ్య 36 గంటలు, ఆ పిల్లవాడు ఒక రాత్రి. కాలేయంలోని ఎంజైములు ఇద్దరిలోనూ అవే. ఉపవాసం, పస్తు అనే రెండు మాటల మధ్య ఉన్న అగాధం కణానికి తెలియదు. దశమి నాటి నిండు భోజనం, ద్వాదశి నాటి పారణ మీద నమ్మకం, వద్దనుకుంటే మధ్యలో ఆపగల స్వేచ్ఛ, ఇవి అత్తయ్య చేతిలో ఉన్నాయి. ఆ పిల్లవాడి చేతిలో రాలిన పండు ఒక్కటే ఉంది. శరీరం మనకు నీతి నేర్పుతుందని చాలామంది అంటారు. నాకు అలా అనిపించదు. కాలేయం దయతో ఇవ్వదు, తాడు విప్పే ఎంజైము ఉంది కాబట్టి ఇస్తుంది. రెండుకు ఆరు చెల్లించడం త్యాగం కాదు, దానికి వేరే దారి లేదు. కానీ మనకు దారులున్నాయి. ఎవరి కట్టెలతో మన పొయ్యి వెలుగుతోందని అడగగల శక్తి కాలేయానికి లేదు. మనకుంది. నీతి మొదలయ్యేది ఎంజైము దగ్గర కాదు, ఆ ప్రశ్న దగ్గర.

ద్వాదశి ఉదయం పారణ అయ్యాక అత్తయ్యకు చెప్పాను. "కట్టెలు మీవే అత్తయ్యా. ఇటుకలు మీ కండవి, కూలి మీ కొవ్వుది. వాటిని మీకు ఇచ్చింది మొన్నటిదాకా తిన్న అన్నం." తరవాత ముజఫర్‌పూర్ పిల్లల సంగతి కూడా చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఉపవాసం చేయడానికి కూడా తిని ఉండాలన్న మాట" అన్నారు చివరికి.

కాసేపటికి కింద వాచ్‌మన్ కొడుకు పాల ప్యాకెట్లు ఇవ్వడానికి పైకి వచ్చాడు. ఎనిమిదేళ్ళవాడు. రోజూ వాడిని "బడి లేదట్రా?" అని పలకరించే అత్తయ్య, ఆ రోజు వేరే మాట అడిగారు. మన ఊళ్ళలో ఎవరు ఎదురుపడినా అడిగే మాటే. ఎన్ని వేలసార్లు విన్నానో, దాని బరువు మాత్రం ఆ ఉదయమే తెలిసింది.

"రాత్రి అన్నం తిన్నావట్రా?"